కత్తెరక్క రాసిన జంజా ప్రకటన

కత్తెరక్క చేతిలో కత్తెర ఎన్నడూ లేదు. ఆమె దర్జీ కాదు, క్షురకర్మ ఆమె ఇంటా వంటా లేదు. ఇరవై రెండేళ్లు ఒక దినపత్రిక ఆఫీసులో, క్లాసిఫైడ్ ప్రకటనలు తీసుకునే కిటికీ వెనకాల కూర్చుంది, అంతే. అక్కడ డబ్బులు లైనుకింత. ఇల్లు అమ్ముకునేవాడు వాళ్ల తాత ఆ ఇల్లు ఎంత కష్టపడి కట్టాడో పేజీన్నర రాసుకొచ్చేవాడు. కత్తెరక్క కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఎర్ర పెన్ను తీసి, తాతనీ కష్టాన్నీ గాలికొదిలేసి, మూడు లైన్లలో ఇల్లు మాత్రం మిగిల్చేది. 'సింగిల్ ఓనర్' అన్నది ఆమె చేతిలో 'సిం.ఓ.' అయ్యేది. 'కండిషన్ బాగుంది' అన్నది 'కం.బా.' 'తగిన ధరకు' అన్నది 'త.ధ.' జనం ఆ పేరు పెట్టింది అందుకే. ఆమెకా పేరంటే కోపం లేదు సరికదా, లోలోపల బోలెడంత గర్వం.

అలాంటి కిటికీని ఒక సోమవారం పొద్దున మూసేశారు. ప్రకటనలన్నీ ఫోన్లలోకి పోయాయట. ఇంటికొచ్చి కూర్చున్న నాలుగు నెలల్లో కత్తెరక్క చేయని పని లేదు. వంటింటి డబ్బాల మీద చీటీలు అంటించింది, 'క.ప.' అని, 'మి.పొ.' అని. వాచీలు బాగుచేసే మొగుడు పాపం ఓర్పు గల మనిషి. ఒకరోజు కందిపప్పు అనుకుని కర్పూరం పలుకులు ఉన్న డబ్బా మూత తీశాక మాత్రం ఉండబట్టలేక అన్నాడు.

"నీకు ఎక్కడో ఒకచోట పని దొరక్కపోతే మనిద్దరం బతకం."

పని దొరికింది. పిన్ని కొడుకుకి పాత బళ్ల షెడ్డు ఉంది. రేకుల కింద రెండు వరసల్లో ముప్పై మోటార్‌సైకిళ్లు, చివర్న ఒక మెకానిక్, ముందర ఒక టేబులు. తమ్ముడు నోరున్నవాడు. ఎదురుగా మనిషి ఉంటే ఎండిన కట్టెనైనా చెరకని చెప్పి అమ్మేస్తాడు. కానీ ఇప్పుడు కొనేవాళ్లు ముందు ఫోన్లో చూసి గానీ గడప తొక్కడం లేదు. ఫోన్లో రాయాలంటే తమ్ముడికి వచ్చింది ఒక్కటే వాక్యం. ముప్పై బళ్లకీ అదే: 'సూపర్ కండిషన్, చూస్తే వదలరు.' చూసినవాళ్లు బాగానే వదిలేసి వెళుతున్నారు.

"అక్కా, నువ్వు జీవితమంతా ప్రకటనలే కదా రాశావు. వచ్చి కూర్చో," అన్నాడు.

కూర్చుంది. అప్పుడే తమ్ముడు ఒక పరీక్ష కూడా పెట్టాడు. వాడలాంటివాడే, ఊరికే ఏదీ ఇవ్వడు. షెడ్డు మూలన రెండు నెలలుగా కదలని బండి ఒకటుంది. ఝంఝా కంపెనీ నూట యాభై సీసీ, నల్లది. వచ్చినవాళ్లంతా దాన్ని చూసి, "ఇదేంటండీ, చతికిలబడ్డట్టు కూర్చుంది?" అని నవ్వి పోతున్నారు.

"శనివారం సాయంత్రం తుక్కువాడి వ్యాను వస్తుంది," అన్నాడు తమ్ముడు. "ఆలోపు ఇది పోతే టేబులు నీది, షెడ్డులో ప్రతి బండికీ నువ్వే రాద్దువుగాని. పోకపోతే దీన్ని విడిభాగాలకి ఇచ్చేస్తా. ఏమీ అనుకోకు అక్కా, నిన్ను కూర్చోబెట్టి జీతమిచ్చే స్తోమత నాకు లేదు."

అది ఆదివారం. ఆరు రోజుల గడువుంది. కత్తెరక్కకి నలభై తొమ్మిదేళ్లు. మళ్లీ ఆ డబ్బాల దగ్గరికి వెళ్లడం ఆమె వల్ల కాదు. ఆ టేబులు కావాలి. దాని ఒక కాలు పొట్టిదైనా, దాని కింద అట్టముక్క పెట్టినా సరే, కావాలి.

ఆ పూటే రాసి పడేసింది. ఇరవై రెండేళ్ల పనితనమంతా పోసి, ఒక్క అక్షరం వృథా కాకుండా: 'ఝం.150, సిం.ఓ., కం.బా., త.ధ.' యాప్‌లో పెట్టి, చేతులు దులుపుకుని, ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. సోమవారం సాయంత్రానికి ఆ ప్రకటన చూసినవాళ్లు ముగ్గురు. అందులో ఒకరు ఆమె, ఒకరు ఆమె మొగుడు. మూడోవాడు ఫోను చేశాడు. కత్తెరక్క మొదటి రింగుకే ఎత్తింది.

"ఏమండీ, ఈ కం.బా. అంటే ఏంటండీ? కంప్లైంటు బాగా ఉందనా?"

పక్కనే ఉన్న తమ్ముడు కడుపు పట్టుకుని నవ్వాడు. కత్తెరక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. తెలుగు రానివాళ్లు బళ్లు కొనడమెందుకు అని కూడా అనేసింది, ఫోను పెట్టేశాకే అనుకోండి.

మంగళవారం మధ్యాహ్నం వాన పడింది. రోడ్డున పోయే కుర్రాడెవరో, కొరియర్ సంచీ భుజాన వేసుకుని, షెడ్డు చూరు కిందికి వచ్చి నిలబడ్డాడు. వాన తగ్గేదాకా తోచక ఫోను తీశాడు. కత్తెరక్క టేబులు సరిగ్గా అతని వెనకే. పరాయివాళ్ల ఫోన్లలోకి తొంగిచూడటం మర్యాద కాదని ఆమెకి తెలుసు, తెలిసే చూసింది. అతను అదే యాప్ తెరిచాడు. వెతికే గడిలో రాశాడు: 'జంజా 150 ఫస్ట్ ఓనర్'. కింద వరసగా బళ్లు. అతను ఆగలేదు. సంవత్సరం ఎంచుకున్నాడు, తిరిగిన కిలోమీటర్లు ఇంతలోపు అని ఎంచుకున్నాడు, మళ్లీ వరస మారింది. ఆ వరసలో షెడ్డు మూలన ఉన్న బండి లేదు. బండి అతనికి పది అడుగుల దూరంలో ఉంది, ఫోన్లో మాత్రం లేనేలేదు!

కత్తెరక్కకి కళ్లముందు తెర తొలగినట్టయింది. అతను 'ఝం' రాయలేదు, 'జం' రాశాడు. ఒత్తు పెట్టే ఓపిక ఎవడికుంది? 'సిం.ఓ.' అని ఎవడూ వెతకడు, వెతికితే సింహాలు వస్తాయి. ఆమె సంవత్సరం నింపలేదు, కిలోమీటర్లు నింపలేదు, గడులన్నీ ఖాళీగా వదిలేసింది. పేపర్లో అయితే అచ్చయింది ఏదైనా కళ్లబడి తీరుతుంది. ఇక్కడ జనం చదవరు, వెతుకుతారు. వాళ్ల నోట ఏ మాట వస్తుందో ఆ మాట ప్రకటనలో ఉంటేనే దొరుకుతుంది. పైగా ఇక్కడ లైనుకి డబ్బుల్లేవు! ఎంత రాసినా ఊరికే!

"బాబాయ్!" అని అరిచింది వానలోనే. "ఆ బండి ఇలా వెలుగులోకి తీసుకురా!" కుర్రాడు కూడా తిరిగి దాన్ని చూసి, అందరిలాగే నవ్వి, వాన తగ్గగానే వెళ్లిపోయాడు.

బాబాయ్ అంటే షెడ్డు మెకానిక్. చుట్టరికం ఏమీ లేదు, వయసుని బట్టి అందరికీ బాబాయే. చెవి వెనక ఎప్పుడూ ఒక స్పానర్ ఉంటుందని, పెన్సిల్ పెట్టుకునే చోట, పిల్లలు వెక్కిరిస్తుంటారు. ఆయన మాటలు తక్కువ, అవి కూడా బండి అడిగితేనే.

"దీనికేం లోపాలున్నాయో అన్నీ చెప్పు," అంది కత్తెరక్క, నోటుపుస్తకం తెరిచి.

బాబాయ్ అనుమానంగా చూశాడు. నలభై ఏళ్లలో ఆయన్ని ఆ ప్రశ్న అడిగిన అమ్మకందారు లేడు. "అన్నీనా?"

"అన్నీ."

ముసలాయన ముఖంలో మెల్లగా వెలుగు వచ్చింది. ఎవరైనా అడుగుతారా అని ఎన్నాళ్లనుంచో చూస్తున్నట్టుంది, ఇక ఆగలేదు. చైనూ పళ్లచక్రాలూ అయిపోవచ్చాయి. ముందు ఎడమ ఫోర్కు దగ్గర ఆయిల్ చెమరుస్తోంది, సీలు మార్చాలి. ట్యాంకు మీద బొటనవేలంత సొట్ట ఉంది. పొద్దున చోకు లాగితే గానీ సెల్ఫ్ అందుకోదు. వెనక కుడి ఇండికేటర్ కంపెనీది కాదు. ఇంజన్ మాత్రం విప్పలేదు, పొగ లేదు, శబ్దం లేదు. సర్వీసు పుస్తకం ఉంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, ఇంజన్ నంబరూ ఛాసిస్ నంబరూ కాగితంతో సరిపోయాయి.

"మరి ఈ చతికిలబడటం ఏంటి?"

బాబాయ్ నేల మీద గొంతుకూర్చుని చూపించాడు. బండి యజమాని పొట్టివాడు. స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు, కొన్నప్పటినుంచి ఒక్కడే ఓనరు. కాళ్లు అందడం లేదని బండిని కిందికి దించుకున్నాడు. వెనక పొట్టి షాకబ్జార్బర్లు వేయించాడు, ముందు ఫోర్కులు బిగింపులో పైకి జరిపించాడు, సీటులో స్పాంజి కోయించాడు. బండి కిందికి దిగితే సైడు స్టాండు పొడుగైపోతుంది, బండి వాలక నిటారుగా నిలబడి అటు పక్కకి పడిపోతుంది. అందుకని స్టాండు కూడా మూడు సెంటీమీటర్లు కోయించి అతికించాడు. మధ్య స్టాండు తీయించేశాడు.

"పనివాడెవడో మంచివాడే, అతుకు శుభ్రంగా ఉంది," అన్నాడు బాబాయ్. "కాకపోతే వెనక మనిషి కూర్చుంటే పెద్ద స్పీడు బ్రేకర్ మీద అడుగు గీసుకుంటుంది."

కత్తెరక్క ఎదురుగా ఉన్న దర్జీ దగ్గర టేపు అరువు తెచ్చింది. బాబాయ్ బండిని నిటారుగా పట్టుకుంటే, నేలనుంచి సీటు దాకా కొలిచింది. డెబ్బై మూడు సెంటీమీటర్లు. కంపెనీనుంచి వచ్చినప్పుడు డెబ్బై తొమ్మిది. ఇన్నాళ్లూ లోపమనుకున్నది కూడా ఒక అంకె అయింది! అంకె అయితే దాన్ని ఎవరో ఒకరు వెతకొచ్చు. ఆ అంకె కింద రెండు గీతలు గీసింది.

ఆ సాయంత్రం కూర్చుని రాసింది. తాతనీ కష్టాన్నీ కోసేసిన చేయి ఈసారి ఒక్క సొట్టని కూడా వదల్లేదు.

*జంజా (ఝంఝా) 150, 2014, ఫస్ట్ ఓనర్, 31 వేల కి.మీ., తక్కువ ఎత్తు సీటు 73 సెం.మీ.*

*నల్ల రంగు, 150 సీసీ, అయిదు గేర్లు, సెల్ఫ్ స్టార్ట్ మరియు కిక్, ముందు డిస్క్ బ్రేక్, వెనక డ్రమ్. మొదటినుంచీ ఒకరే వాడారు. మీటరు 31,240. సర్వీసు పుస్తకం, అసలు కాగితాలు, రెండు తాళాలు ఉన్నాయి. లోను లేదు.*

*ఎత్తు తగ్గించిన బండి: పొట్టి వెనక షాకబ్జార్బర్లు, పైకి జరిపిన ముందు ఫోర్కులు, కోసిన సీటు, కోసి అతికించిన సైడు స్టాండు. మధ్య స్టాండు లేదు. ఎత్తు తక్కువ ఉన్నవారికి రెండు కాళ్లూ నేలకు ఆనుతాయి. వెనక మనిషి ఉంటే పెద్ద స్పీడు బ్రేకర్ మీద అడుగు తగులుతుంది.*

*బాగున్నవి: ఇంజన్ విప్పలేదు, పొగ లేదు, బ్రేకులు, లైట్లు పనిచేస్తాయి. బాగులేనివి: చైను సెట్టు మార్చాలి. ముందు ఎడమ ఫోర్కు సీలు కారుతోంది. ట్యాంకు ఎడమవైపు బొటనవేలంత సొట్ట (మూడో ఫోటో చూడండి). పొద్దున చోకు కావాలి. వెనక కుడి ఇండికేటర్ కంపెనీది కాదు.*

తమ్ముడు చదివాడు. చదువుతున్నకొద్దీ కళ్లు పెద్దవయ్యాయి.

"అక్కా, ఇది అమ్మకమా, వాంగ్మూలమా? వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు!"

"పెళ్లికి చెప్పార్రా, బండికి చెప్పలేదు. పెళ్లికూతుర్ని ఎవడూ టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లడు."

పెట్టేసింది. గడులన్నీ నింపింది, సొట్టకి విడిగా ఫోటో తీసింది. బుధవారం పొద్దున టిఫిన్ ముగించకుండానే ఫోను చూసింది: నూట పది మంది! మధ్యాహ్నానికి రెండు వందల నలభై. షెడ్డులో తాబేలులా నడిచే బాబాయ్ కూడా గంటకోసారి వచ్చి, "ఎంతైంది?" అని అడిగి వెళుతున్నాడు. ఫోన్లు మోగాయి. ఒకతను ఆరడుగుల రెండంగుళాలు, ఆమే వద్దని చెప్పింది. "మీ మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతాయి బాబూ, వేరేది చూసుకోండి." తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. ఇంకొకతను సీలు ఖర్చు అడిగాడు, మరొకతను ఊరికే మాట్లాడటానికి చేశాడు.

గురువారం ఒక ఆడగొంతు.

"సీటు నిజంగా డెబ్బై మూడేనా అండీ? టేపు పెట్టి చూశారా?"

"దర్జీ టేపమ్మా, తప్పదు."

ఆ గొంతు గబగబా పొంగింది. ఆమె పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. మందుల పెట్టె కట్టుకుని రోజూ కొట్టాల వెంట తిరగాలి. ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. స్కూటరు చక్రం చిన్నది, ఆ మట్టిదారుల్లో కూరుకుపోతుంది. పెద్ద చక్రాల బండేమో ఎక్కితే కాళ్లు గాల్లో. ఆస్పత్రి బండిని ఈ ఏడాదిలో నాలుగుసార్లు ఆగినచోటే పడేసింది.

"మూడు నెలల్నుంచి వెతుకుతున్నానండీ, 'తక్కువ ఎత్తు సీటు' అని. ప్రతిసారీ సున్నా. నిన్న రాత్రి ఒకటి వచ్చింది! మా అమ్మని నిద్రలేపి చూపించాను. శనివారం మధ్యాహ్నం వస్తాను, ఎవరికీ ఇవ్వకండి. ఆఁ, టైర్లు ఎప్పుడు తయారైనవో కూడా చూసి చెప్పండి. పాతబడి పగిలినవైతే మట్టిలో జారతాయి."

ఫోను పెట్టేసి కత్తెరక్క లేచి రెండు వరసల బళ్ల మధ్య అటూ ఇటూ నడిచింది. చప్పట్లు కూడా కొట్టింది. దొరికింది! మూడు నెలలుగా అక్కడ ఒకామె వెతుకుతోంది, రెండు నెలలుగా ఇక్కడ ఒక బండి నిలబడి ఉంది, మధ్యలో లేనిది నాలుగు మాటలు. ఇంత సంతోషం ఆమెకి ఆ కిటికీ వెనక ఒక్కరోజు కూడా కలగలేదు.

ఆ ఊపులోనే వెళ్లి టైరు పక్కన గొంతుకూర్చుంది. టైరు గోడ మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గుడ్డతో మట్టి తుడిచి చదివింది. వెనకదీ ముందుదీ ఒకటే: రెండేళ్ల కిందటి నడివేసవి. పగుళ్లు లేవు, బాగున్నాయి. కాకపోతే సగానికి సగం అరిగాయి. రాసుకుని లేవబోయి, మళ్లీ కూర్చుంది.

సర్వీసు పుస్తకంలో చివరి నమోదు మూడేళ్ల కిందటిది. అప్పుడు మీటరు 30,900. మాస్టారు బండి పెద్దగా తీయలేదు కాబోలనుకుని, ఆ ధైర్యంతోనే శీర్షికలో ముప్పై ఒక్క వేలని దర్జాగా పెట్టింది. ఇప్పుడు 31,240. మూడేళ్లలో మూడు వందల నలభై కిలోమీటర్లు. ఆ మూడు వందల నలభైలో కొత్త టైర్లు సగం అరిగాయంటే వాటిని గరుకు కాగితం మీద నడిపి ఉండాలి.

"బాబాయ్," అంది. "మీటరు వైరు చూడు."

బాబాయ్ హెడ్‌లైటు కిందికి వంగి చూశాడు. "కొత్తది. మురికి కూడా పట్టలేదు."

డ్రాయింగ్ మాస్టారికి ఫోను చేసింది. పాపం ఆయన దాచలేదు, అడిగితే చెప్పేవాడే, ఎవరూ అడగలేదు. "వైరు మూడేళ్ల కిందట తెగిందమ్మా. స్పీడు చూసి నేనేం చేయాలి, నన్ను సైకిళ్లు దాటిపోతాయి. అమ్మే ముందు బాగుండదని వేయించాను. రోజూ బడికి పన్నెండు కిలోమీటర్లు, ఇంటికి పన్నెండు." కత్తెరక్క మూడేళ్లలో స్కూలు తెరిచి ఉన్న రోజులతో గుణించింది. పదహారు వేల దాకా వచ్చింది. అంటే బండి నలభై ఏడు వేలు తిరిగింది.

తమ్ముడు విని, తలుపు లేని షెడ్డులో తలుపు వేసినంత మెల్లగా మాట్లాడాడు.

"అక్కా, విను. మనం మీటరు తిప్పామా? లేదు. మీటరులో ఉన్నదే రాశాం. అందులో అబద్ధమేముంది? అంకె తీసేస్తే తక్కువ తిరిగిన బళ్ల వరసలోంచి ప్రకటన ఎగిరిపోతుంది. ఆవిడ వచ్చేది ఎల్లుండి. రానీ, చూడనీ, కొననీ. టేబులు నీది అవుతుంది. నోటిదాకా వచ్చింది నేలపాలు చేసుకోకు."

వాడు చెప్పిందాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు, అదే కదా తంటా. కత్తెరక్క ఫోన్లో ప్రకటన మళ్లీ తెరిచింది. ఆమెకి ఆ టేబులు ఎంత కావాలో ఆమెకే తెలుసు. తెలియక రాసినప్పుడు అది పొరపాటు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక ఆ అంకె అలాగే ఉంటే అది ఆమె ఆడిన అబద్ధం, మీటరు ఆడింది కాదు. తమ్ముడి మీద కోపం, మాస్టారి మీద కోపం, అన్నిటికంటే తన మీద తనకే ఎక్కువ కోపం వచ్చింది. పుస్తకం మూడు రోజులుగా ఎదురుగానే ఉంది, చదవడం వచ్చినదాన్నే కదా!

శీర్షికలోంచి ముప్పై ఒక్క వేలు తీసేసింది. కిలోమీటర్ల గడి ఖాళీ చేసింది. వివరాల్లో మొట్టమొదటి వాక్యంగా రాసింది:

*మీటరు 31,240 అని చూపిస్తుంది, నమ్మవద్దు. వైరు మూడేళ్లు తెగి ఉంది. ఓనర్ చెప్పిన రోజువారీ దూరం బట్టి సుమారు 47 వేలు తిరిగి ఉండవచ్చు, రుజువు లేదు. మొదట ఇది మాకు తెలియక తప్పు రాశాము. టైర్లు రెండూ రెండేళ్ల కిందటివి, సగం అరిగాయి, పగుళ్లు లేవు.*

నొక్కేసింది. కాంపౌండరమ్మకి విడిగా కబురు కూడా పంపింది: 'ప్రకటన మార్చాను, వచ్చే ముందు మళ్లీ చదవండి.' కబురు చేరినట్టు రెండు గీతలు పడ్డాయి. జవాబు మాత్రం రాలేదు. శుక్రవారమంతా రాలేదు. చూసేవాళ్ల లెక్క కుండకి చిల్లు పడ్డట్టు జారిపోయింది, సాయంత్రానికి కొత్తగా తొమ్మిది మంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అన్నారా? బాబాయ్ "ఎంతైంది?" అని అడగడం మానేశాడు. ఆ రాత్రి మొగుడు పెట్టిన అన్నం సగం వదిలేసి లేచింది.

శనివారం రెండు దాటింది, మూడు దాటింది. నాలుగింటికి తుక్కువాడి వ్యాను వెనక్కి వెనక్కి వచ్చి షెడ్డు ముందు ఆగింది. తమ్ముడు నల్లబండి తాళం చేతిలోకి తీసుకున్నాడు. వాడేమీ సంతోషంగా లేడు, అక్క వైపు చూడనుకూడా లేదు.

"ఆగండాగండి!"

ఆటోలోంచి ఒకామె దూకింది. నిజంగానే పొట్టి, ఆ చేతిలోని హెల్మెట్ ఆమెకంటే పెద్దదిగా కనబడింది. "దారిలో ఒక గేదె ఈనడం కష్టమైతే ఆగాల్సి వచ్చిందండీ. నిన్నంతా క్యాంపు, మీ కబురు చూశాను గానీ జవాబివ్వడానికి సిగ్నల్ లేదు. నల్లబండి ఉందా, పోయిందా?"

"ఉంది," అన్నారు ముగ్గురూ ఒక్కసారే. తుక్కువాడు కూడా తెలియకుండానే కలిశాడు.

"మార్చింది చదివారా?" అని అడిగింది కత్తెరక్క. ఆ మాట అడగకుండా ఉంటే ఎంత బాగుండునో అనిపించింది, అయినా అడిగింది.

"ఆటోలో చదివాను." కాంపౌండరమ్మ ఫోను తీసి, ఒక్కో వాక్యం చదువుతూ బండి చుట్టూ తిరిగింది. చైను లాగి చూసింది. ఫోర్కు మీద వేలు రాసి ఆయిల్ చూసింది. సొట్ట మీద బొటనవేలు పెట్టింది, సరిగ్గా సరిపోయింది. స్టాండు అతుకుని బూటుతో తట్టింది. ఆవుకి జబ్బేంటో చూసినట్టే చూసింది, తొందర లేకుండా.

చివరికి బండి ఎక్కింది. స్టాండు తీసింది. రెండు బూట్లూ, మడమలతో సహా, నేలకి ఆనాయి.

బండిని కాస్త ఎడమకి వంచింది, కాస్త కుడికి వంచింది. పడలేదు. ఇంకోసారి వంచింది. చిన్నపిల్లలా కిందికి వంగి తన కాళ్లని తానే చూసుకుంది. మళ్లీ తలెత్తినప్పుడు ఆమె కళ్లలో నీళ్లున్నాయి, నోరంతా నవ్వు. కత్తెరక్కకీ ఆగలేదు, వెనక్కి తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నలభై ఏడు వేలు ఎక్కువనిపించలేదా అమ్మా?" తమ్ముడు ఉండబట్టలేక అడిగాడు.

"ఇప్పటిదాకా పదకొండు బళ్లు చూశానండీ. పదకొండింటికీ మీటర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఎక్కడా ఎవరూ ఒక్క లోపం కూడా రాయలేదు. దగ్గరికి వెళ్లాక గాని ఒక్కొక్కటీ బయటపడలేదు. వాటికోసం సెలవు పెట్టుకుని వెళ్లొచ్చిన రోజులు పదకొండు." బండి దిగకుండానే చెప్పింది. "ఇక్కడికొచ్చి నేను కొత్తగా కనిపెట్టింది ఏదీ లేదు. కాగితాలివ్వండి."

బాబాయ్ చైను సెట్టూ, సీలూ అప్పటికప్పుడే మారుస్తానన్నాడు, స్పానర్ చెవి వెనకనుంచి చేతిలోకి వచ్చేసింది. తుక్కువాడు ఖాళీ వ్యాను వేసుకుని వెళ్లిపోయాడు. ఆరింటికి కాంపౌండరమ్మ తన మందుల పెట్టె వెనక కట్టుకుని, గేటు దగ్గర ఆగి, రెండు కాళ్లూ కింద పెట్టి, అవసరం లేకపోయినా ఒక్క క్షణం అలాగే నిలబడి, అప్పుడు రోడ్డెక్కింది.

షెడ్డులో లైట్లు వేసే వేళ తమ్ముడు రెండో వరసలోంచి ఒక ఎర్రబండిని తనే తోసుకొచ్చి టేబులు ముందు నిలబెట్టాడు. సొంతానికి వాడుకునేది, ఎవరినీ ముట్టనివ్వనిది. కాసేపు హ్యాండిల్ తుడిచాడు. తర్వాత బాబాయ్‌కి వినపడకుండా, తలొంచుకుని అన్నాడు.

"అక్కా, రాసుకో. దీనికి రెండో గేరు జారుతుంది. ఏడాదిగా."